టీవీ రిమోట్ మైకుతో తెలుగులో, హిందీలో వెతకడం: ఏ మాట పనిచేస్తుంది, ఏది పనిచేయదు

బెంగళూరులో సామానుతో సహా అద్దెకు తీసుకున్న ఇంట్లో టీవీ చాలాసార్లు ఓనరుదో, అంతకుముందు ఉన్నవాళ్లదో అయి ఉంటుంది. అందులో భాష హిందీ ఉండొచ్చు, కన్నడం ఉండొచ్చు. కర్నూలు నుంచో అనంతపురం నుంచో వచ్చిన అమ్మ రిమోట్ మీది మైకు బొత్తాం నొక్కి "గోంగూర పచ్చడి చూపించు" అంటే తెర మీద ఇంకేదో వస్తుంది. రిమోట్ పాడైందని అప్పుడే అనుకోకండి. తప్పు ఎక్కడ జరిగిందో టీవీయే చూపిస్తుంది, అది ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీల గురించి. ఫైర్ టీవీ స్టిక్ సంగతి చివర్లో క్లుప్తంగా ఉంది.

ముందు తెర మీది అక్షరాలు చూడండి

మీరు మాట్లాడగానే రెండు పనులు ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి. మొదట మీ గొంతు ఇంటర్నెట్ ద్వారా సర్వరుకు వెళ్లి అక్షరాలుగా మారుతుంది. ఆ తర్వాత ఆ అక్షరాలను బట్టి టీవీ ఏం చేయాలో తేలుతుంది: యాప్ తెరవాలా, సౌండ్ తగ్గించాలా, వీడియో వెతకాలా అని. మీరు మాట్లాడుతుండగా తెర మీద పడే అక్షరాలు మొదటి పని ఎలా జరిగిందో చెప్తాయి.

అక్షరాలే తప్పుగా పడితే సమస్య వినికిడిలో ఉంది. భాష సరిగా ఎంచుకోలేదన్నమాట, లేదా మైకు దూరంగా ఉంది, లేదా బీప్ రాకముందే మాట మొదలుపెట్టారు. అక్షరాలు సరిగ్గా పడినా ఫలితం తప్పుగా వస్తే వినికిడికి ఏ లోటూ లేదు. ఆ పని చేయడం ఆ టీవీకి చేతకాదు, లేదా మీరు అడిగింది అది వెతికే యాప్‌లలో లేదు. ఈ తేడా గమనించకుండా ఒకే మాటను పదిసార్లు గట్టిగా అరవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అక్షరాలేవీ పడకపోతే అది మూడో సంగతి. మీ మాట టీవీకి చేరనే లేదు. వాల్యూమ్, పవర్ బొత్తాలు పనిచేస్తూ మైకు ఒక్కటే పనిచేయకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పవర్, వాల్యూమ్ లాంటివి చాలా రిమోట్లలో ఇన్‌ఫ్రారెడ్ మీద నడుస్తాయి, వాటికి జతచేయడం అక్కర్లేదు. మైకు మాత్రం బ్లూటూత్ మీద నడుస్తుంది. బ్యాటరీలు మార్చాకో, టీవీని రీసెట్ చేశాకో ఆ జత విడిపోవచ్చు. సెట్టింగ్స్‌లో `Remotes & Accessories` లోకి వెళ్లి `Pair accessory` ఎంచుకోండి, తర్వాత ఏ బొత్తాలు నొక్కి పట్టుకోవాలో తెర మీద బొమ్మ వేసి మరీ చూపిస్తారు. క్రోమ్‌కాస్ట్ విత్ గూగుల్ టీవీ రిమోట్‌కైతే బ్యాక్, హోమ్ బొత్తాలు రెండూ కలిపి లైటు మెరిసేదాకా పట్టుకోవాలి. మిగతా కంపెనీల్లో ఈ జంట వేరుగా ఉంటుంది.

భాష ఎంచుకోవడం: ఇంగ్లీషు నుంచి మొదలుపెట్టండి

ముందు చేదు నిజం. టీవీ మెనూలు తెలుగులో పెట్టుకునే వీలు చాలా వాటిలో ఉంది. కానీ టీవీలోని గూగుల్ అసిస్టెంట్ తెలుగులో ఆజ్ఞలు తీసుకోదు. ఇంగ్లీషు, హిందీ తీసుకుంటుంది. ఫోన్లో అసిస్టెంట్‌తో తెలుగులో మాట్లాడిన అలవాటుతో టీవీలోనూ అదే ఆశిస్తాం, కానీ రెండింటి భాషల జాబితాలు వేరు. అందుకే టీవీ భాష తెలుగుకు మార్చేస్తే మైకు బాగా అర్థం చేసుకుంటుందనుకోవడం పొరపాటు. మెనూలు తెలుగవుతాయి, మైకు మాత్రం మొండికేస్తుంది.

మనవాళ్లకు బాగా కుదిరే అమరిక ఇది: టీవీ భాష ఇంగ్లీషు, అందులోనూ దేశం ఇండియా. గూగుల్ టీవీలో `Settings`, `System`, `Language` అని వెళ్లాలి. పాత ఆండ్రాయిడ్ టీవీలో `Settings`, `Device Preferences`, `Language`. అక్కడ `English` నొక్కితే దేశాల జాబితా వస్తుంది, `India` ఎంచుకోండి. అమెరికా ఇంగ్లీషు పెట్టి ఉంటే మన ఉచ్చారణలోని మాటలు, మన ఊళ్ల పేర్లు, వంటల పేర్లు మరీ ఎక్కువగా తారుమారవుతాయి. టీవీలో మైకు ఏ భాష వింటుందో ఈ సెట్టింగే నిర్ణయిస్తుంది, వేరే మీట కోసం వెతకనక్కర్లేదు.

తెలుగు వీడియోలు వెతకడానికి ఇంగ్లీషు ఎందుకని అడగొచ్చు. యూట్యూబ్‌లో మన వంటల వీడియోలకు, పాత పాటలకు పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఉంటాయి. మైకు ఇంగ్లీషులో ఉన్నప్పుడు "గోంగూర పచ్చడి" అంటే తెర మీద `gongura pachadi` అని పడుతుంది, వీడియోల పేర్లతో సరిగ్గా కలుస్తుంది. మైకు హిందీలో ఉంటే అదే మాట దేవనాగరిలో పడుతుంది. ఒక్కోసారి దగ్గరగా వినిపించే ఏదో హిందీ మాటగా మారి పడుతుంది. అప్పుడు వచ్చే ఫలితాల్లో హిందీ వీడియోలు ముందుకొస్తాయి. ఇంట్లో అందరూ హిందీలోనే టీవీతో మాట్లాడేవాళ్లయితే హిందీ పెట్టుకోండి, వెతికేది తెలుగు అయితే ఇంగ్లీషే మేలు.

హిందీ పెడితే మెనూలూ హిందీ అయిపోతాయి. చదవడం రాని పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు ఇది ఇరకాటం. వెనక్కి రావడానికి అక్షరాల ఆకారాలు గుర్తుపెట్టుకోండి: హోమ్ తెర పైన కుడి మూల నుంచి పళ్లచక్రం గుర్తు ఉన్న సెట్టింగ్స్ తెరవండి, అందులో `सिस्टम`, దాని లోపల `भाषा`. ఆ జాబితాలో ప్రతి భాష పేరూ దాని సొంత లిపిలోనే ఉంటుంది, కాబట్టి `English` కనబడిపోతుంది. కన్నడంలో చిక్కుకున్నా దారి అదే.

ఇంకో మాట. ఓనరు టీవీ అయితే అందులో ఓనరు గూగుల్ ఖాతాయే ఉండి ఉండొచ్చు. ఆ ఖాతాలో `Web & App Activity` నడుస్తుంటే మీరు మైకులో అడిగిన మాటలన్నీ ఆ ఖాతా చరిత్రలో చేరతాయి. మీ ఖాతా జోడించుకుని దాన్నే వాడండి.

మాట్లాడే తీరు

చాలా రిమోట్లలో మైకు బొత్తాం నొక్కి పట్టుకునే మాట్లాడాలి, కొన్నింటిలో ఒకసారి నొక్కి వదిలితే చాలు. మీది ఏ రకమో ఒక్క ప్రయత్నంలో తెలిసిపోతుంది: నొక్కి వదిలితే వినడం ఆగిపోతే అది పట్టుకునే రకం. బొత్తాం నొక్కాక తెర కింద గుర్తు కనిపించేదాకా, బీప్ వినిపించేదాకా ఆగండి. చాలామంది ఇక్కడే తొందరపడి మొదటి మాట పోగొట్టుకుంటారు. "ఓపెన్ యూట్యూబ్" లో "ఓపెన్" ఎగిరిపోతే పెద్ద నష్టం లేదు. "గోంగూర పచ్చడి ఆన్ యూట్యూబ్" లో "గోంగూర" ఎగిరిపోతే వెతుకులాట వేరే దారి పడుతుంది.

మైకు రంధ్రం సాధారణంగా రిమోట్ పైభాగంలో, సూదిమొనంత ఉంటుంది. దాని మీద వేలు పెట్టకండి. నోటికి జానెడు దూరంలో పట్టుకుని, మామూలు గొంతుతో, మాటకీ మాటకీ మధ్య ఆగకుండా చెప్పండి. మధ్యలో ఆలోచించుకుంటూ ఆగితే అక్కడికి ముగిసిందనుకుని వెతికేస్తుంది. తల మీద ఫ్యాన్ అయిదులో తిరుగుతుంటే ముందు దాన్ని తగ్గించి చూడండి.

వెతకడానికి పనిచేసే మాటలు

ఏం కావాలో, ఎక్కడ కావాలో రెండూ ఒకే వాక్యంలో చెప్పాలి. ఎక్కడ అని చెప్పకపోతే టీవీ తనకు తెలిసిన అన్ని యాప్‌లలో వెతుకుతుంది. అలాంటప్పుడు వంటల వీడియో అడిగితే సినిమా బొమ్మలు ముందు వరుసలో కూర్చుంటాయి.

ఇంగ్లీషులో: "గోంగూర పచ్చడి ఆన్ యూట్యూబ్". హిందీలో: "యూట్యూబ్ పర్ గోంగురా పచడీ దిఖావో". "ప్లే" అనో "చలావో" అనో అంటే మొదటి ఫలితాన్ని నేరుగా మొదలుపెట్టే అవకాశం ఉంది, "దిఖావో", "సర్చ్ కరో" అంటే జాబితా చూపిస్తుంది. ఏది ఎంచుకోవాలో తేల్చుకోని పెద్దవాళ్లకు జాబితాయే మంచిది.

తెలుగు మాట ఒక్కటే చెప్తే తప్పుగా వింటున్నప్పుడు దాని పక్కన ఒక ఇంగ్లీషు మాట తోడు పెట్టండి. "ఆవకాయ" ఒక్కటే అంటే విన్నది ఏమిటో చెప్పలేం. "ఆవకాయ పికిల్ రెసిపీ ఇన్ తెలుగు" అంటే పక్క మాటలు చూసి మొదటి మాటను సవరించుకునే అవకాశం పెరుగుతుంది. "ఇన్ తెలుగు" అన్న చిన్న తోకను వదిలేయకండి. అది లేకపోతే అదే వంట తమిళంలోనో కన్నడంలోనో వస్తుంది, బెంగళూరులో ఉన్నప్పుడు మరీను. యాసలో చెప్పే మాటల కంటే వీడియోల పేర్లలో రాసే మాటలు మేలు: ఇంట్లో "పులగూర" అన్నా, వీడియోల్లో ఆ పేరుతో పెట్టేవాళ్లు తక్కువైతే ఎంత బాగా విన్నా దొరికేదేముంటుంది?

యూట్యూబ్ లోపల వెతుకుడు పేజీ తెరిచి ఉన్నప్పుడు మైకు నొక్కితే అది యూట్యూబ్‌లోనే వెతుకుతుంది. అప్పుడు "ఆన్ యూట్యూబ్" అననక్కర్లేదు. వేరే యాప్‌లో ఉండి నొక్కితే టీవీ మొత్తానికి చెందిన మైకే తెరుచుకుంటుంది. ఒకే బొత్తాం, రెండు పనులు. ఇంట్లో గొడవలకు ఇదీ ఒక కారణం.

సౌండ్, యాప్‌లు, సెట్టింగ్స్

ఈ భాగంలో టీవీ బాగా అర్థం చేసుకునేవి కొన్నే. ఇవి మాత్రం గట్టివి.

"ఓపెన్ యూట్యూబ్" కి హిందీలో "యూట్యూబ్ ఖోలో". "పాజ్", "ప్లే", "స్టాప్". "రివైండ్ థర్టీ సెకండ్స్" కొన్ని యాప్‌లు పాటిస్తాయి, కొన్ని పట్టించుకోవు. అది యాప్ తయారుచేసినవాళ్ల చేతిలో ఉంది. "మ్యూట్", "అన్‌మ్యూట్". "వాల్యూమ్ అప్", "వాల్యూమ్ డౌన్" కి "ఆవాజ్ బఢావో", "ఆవాజ్ కమ్ కరో". "టర్న్ ఆఫ్ ద టీవీ" కి "టీవీ బంద్ కరో". టీవీ లోపలి అసిస్టెంట్ అయితే "స్విచ్ టు హెచ్‌డీఎంఐ వన్" అంటే సెట్‌టాప్ బాక్సు మీదకు వెళ్లే అవకాశం ఉంది. బయట గుచ్చిన స్టిక్‌కు సాధారణంగా ఆ అధికారం ఉండదు.

సౌండ్ అంకె చెప్పేటప్పుడు పక్కన "పర్సెంట్" చేర్చండి: "సెట్ వాల్యూమ్ టు ట్వెంటీ పర్సెంట్". గూగుల్ స్పీకర్లలో పది లోపు అంకెను పదింటికి ఇంత అని లెక్కించే పద్ధతి ఉంది. "అయిదు" అంటే సగం సౌండ్ అన్నమాట. పర్సెంట్ అని చెప్పేస్తే రాత్రి పదకొండు గంటలకు పక్కింటివాళ్లు తలుపు కొట్టే అవసరం రాదు. హిందీ అంకెలు రానివాళ్లు హిందీ వాక్యంలోనే ఇంగ్లీషు అంకె పెట్టొచ్చు: "వాల్యూమ్ ట్వెంటీ పర్సెంట్ కరో".

అంకె చెప్పినా సౌండ్ మారకుండా, "పెంచు", "తగ్గించు" అంటే మాత్రం మారుతుంటే మీకు సౌండ్‌బార్ ఉందేమో చూడండి. టీవీ నుంచి హెచ్‌డీఎంఐ తీగ ద్వారా సౌండ్‌బార్‌కు పంపే మామూలు ఆజ్ఞలు మెట్టు పైకి, మెట్టు కిందికి, మ్యూట్. "ఇరవైకి వెళ్లు" అనే మాటకు అక్కడ చోటు లేదు. టీవీలో సౌండ్ టీవీ స్పీకర్లకు మార్చి ఒకసారి అడగండి, పనిచేస్తే కారణం అదే. అంతేగానీ మైకును దోషి చేయకండి.

ఇక సెట్టింగ్స్. "ఓపెన్ సెట్టింగ్స్" అంటే ఆ పేజీ తెరుస్తుంది. "సెట్టింగ్స్ ఖోలో" అన్నా అంతే. కానీ పేజీ తెరవడం వేరు, లోపలి మీట మార్చడం వేరు. బొమ్మ రంగు, పిక్చర్ మోడ్, వైఫై పాస్‌వర్డ్, సినిమా యాప్‌లో సబ్‌టైటిల్ భాష లాంటివి మాటతో మార్చుకోవచ్చని లెక్కపెట్టుకోకండి. కంపెనీని బట్టి ఏవో ఒకటి రెండు మారొచ్చు. పేజీ దాకా మాటతో వెళ్లి, అక్కడి నుంచి బాణాల బొత్తాలతో నడవండి. మెనూల్లో అడుగడుగునా దిగడం కన్నా అదే దగ్గర దారి. అలాగే యాప్ లోపలి ప్రొఫైల్ ఎంచుకునే తెర దగ్గర మైకు నిలబడిపోతుంది, అక్కడ ఓకే బొత్తాం నొక్కాల్సిందే.

పూర్తిగా తెలుగులోనే కావాలంటే ఫోన్ దారి

ఇంగ్లీషు మాట ఒక్కటీ కలపకుండా తెలుగులో వెతకాలంటే రిమోట్ మైకును పక్కన పెట్టండి. ఫోన్ కీబోర్డు మైకుకు తెలుగు బాగా వచ్చు.

యూట్యూబ్‌కు ఇలా. టీవీలో యూట్యూబ్ తెరిచి, దాని సెట్టింగ్స్‌లో `Link with TV code` ఎంచుకోండి, అంకెల కోడ్ వస్తుంది. ఫోన్లో యూట్యూబ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి `Watch on TV`, `Enter TV code` నొక్కి ఆ అంకెలు వేయండి. ఫోన్, టీవీ ఒకే వైఫై మీద ఉంటే కోడ్ లేకుండా క్యాస్ట్ గుర్తు నొక్కినా కలుస్తాయి. కోడ్ పద్ధతికి ఒకే వైఫై అక్కర్లేదు. వైఫై సరిగా అందని గదిలో ఫోన్ మొబైల్ డేటా మీద ఉన్నా ఇది పనిచేస్తుంది.

తర్వాత గూగుల్ వాళ్ల ఫోన్ కీబోర్డు అయిన జీబోర్డు. దాని సెట్టింగ్స్‌లో `Languages` కింద తెలుగు చేర్చండి. ఫోన్ యూట్యూబ్‌లో వెతికే పెట్టె తాకి, కీబోర్డులో భూగోళం గుర్తు నొక్కి తెలుగుకు మారి, కీబోర్డు మీది మైకు నొక్కి "గోంగూర పచ్చడి ఎలా చేయాలి" అనండి. పెట్టెలో తెలుగు అక్షరాలే పడతాయి. యూట్యూబ్ వెతుకుడు పెట్టె పక్కన ఇంకో మైకు ఉంటుంది, దాన్ని కాదు, కీబోర్డు మీదిదే నొక్కండి. ఇది కీబోర్డు ఏ భాషలో ఉందో ఆ భాషే వింటుంది. వీడియో ఎంచుకోగానే టీవీలో మొదలవుతుంది.

యూట్యూబ్ కాకుండా టీవీ మొత్తంలో వెతకాలంటే ఫోన్లో గూగుల్ టీవీ యాప్ పెట్టుకోండి. దాని టీవీ రిమోట్ తెరిచి టీవీ పేరు నొక్కితే టీవీ మీద కోడ్ వస్తుంది, దాన్ని ఫోన్లో వేస్తే జత కుదురుతుంది. టీవీలో ఏదైనా అక్షరాలు వేసే పెట్టె తెరిచినప్పుడు ఈ రిమోట్‌లోని కీబోర్డు గుర్తు నొక్కి తెలుగు మైకు వాడొచ్చు. దీనికి మాత్రం రెండూ ఒకే వైఫై మీద ఉండాలి. కొన్ని యాప్‌లు తమ సొంత కీబోర్డు గీసుకుంటాయి, వాటిలో ఫోన్ అక్షరాలు వెళ్లవు. యూట్యూబ్‌కు విడిగా దారి చెప్పడం అందుకే.

ఒక ఇంటి ఉదాహరణ, మొదటి నుంచి

మారతహళ్లిలో అద్దె ఇల్లు, టీవీ హిందీలో ఉంది, అమ్మ "గోంగూర పచ్చడి" అంటే హిందీ వంటలు వస్తున్నాయి అనుకోండి. తెర చూడండి: దేవనాగరిలో అక్షరాలు పడ్డాయి. అంటే మైకు హిందీ వింటోంది. `सिस्टम`, `भाषा` దారిలో వెళ్లి `English`, `India` పెట్టారు. మళ్లీ అడిగారు: `gongura pachadi` అని సరిగానే పడింది, కానీ సినిమాలే ముందున్నాయి. వినికిడి బాగుపడింది, చోటు చెప్పలేదు. "గోంగూర పచ్చడి ఇన్ తెలుగు ఆన్ యూట్యూబ్" అన్నారు, వంటల జాబితా వచ్చింది. "సెట్ వాల్యూమ్ టు ట్వెంటీ పర్సెంట్" అంటే కదల్లేదు, "వాల్యూమ్ డౌన్" అంటే తగ్గింది. సౌండ్‌బార్ తీగ అక్కడే ఉంది. అమ్మకు ఇంగ్లీషు వాక్యం నోటికి రాదు కాబట్టి ఆమె ఫోన్లో యూట్యూబ్ కోడ్ కలిపి, జీబోర్డులో తెలుగు ముందు వరుసలో పెట్టారు. ఇక ఆమె ఫోన్లో తెలుగులో అడుగుతుంది, పాజ్, సౌండ్ రిమోట్‌తో చూసుకుంటుంది.

ఫైర్ టీవీ స్టిక్ ఉంటే

అక్కడ వినేది అలెక్సా. హిందీ వస్తుంది, తెలుగు ఆజ్ఞలు రావు. భాష మార్చే చోటు `Settings`, `Preferences`, `Language`. భాష మారితే మెనూలూ మారతాయి. మైకు బొత్తాం నొక్కి పట్టుకునే మాట్లాడాలి. టీవీ ఆన్, ఆఫ్ మాటలు పనిచేయాలంటే హెచ్‌డీఎంఐ ద్వారా స్టిక్ మాట టీవీ వినేలా చేసే హెచ్‌డీఎంఐ సీఈసీని టీవీ సెట్టింగ్స్‌లో ఆన్ చేసి ఉండాలి. టీవీ కంపెనీలు దాన్ని ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలుస్తాయి: సామ్‌సంగ్‌లో `Anynet+`, ఎల్‌జీలో `SimpLink`, సోనీలో `BRAVIA Sync`. అది ఆఫ్‌లో ఉంటే మీరు "టీవీ బంద్ కరో" అన్న అక్షరాలు తెర మీద సరిగ్గానే పడతాయి, టీవీ మాత్రం వెలుగుతూనే ఉంటుంది.